వేయి బీడీల వెనక ఎన్ని గంటలు?
(బీడీ కార్మిక స్త్రీల మధ్య పనిచేస్తున్న కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఏ స్త్రీనైనా "నీ కూలి ఎంత?" అని అడగండి. "వేయికి ఇంత" అని వెంటనే చెబుతుంది. "గంటకు ఎంత పడుతుంది?" అని అడిగితే నవ్వుతుంది. "వంట చేసుకుంట చుడ్తం, బట్టలుతుక్కుంట చుడ్తం. గంటలెట్ల చెప్తమమ్మా?" అంటుంది. వేయి లెక్కలో బీడీలు కనబడతాయి, కాలం కనబడదు. కనీస వేతనమేమో కాలాన్ని బట్టి నిర్ణయమవుతుంది. అందుకే ఈ రెండింటినీ ఒకే కొలతలోకి తేవడం మన పని. ఈ రోజు ఆ ఒక్క లెక్క గురించే మాట్లాడతాను.

ముందు యజమాని వైపు లెక్క చూద్దాం. ఒక మనిషి వారంలో అయిదు రోజులు పని దొరికి 3,500 బీడీలు చుట్టిందనుకోండి. వేయికి 240 రూపాయలు. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి, మీ ఊరి అంకెలు మీరు వేసుకోవాలి. రోజుకు ఆరు గంటల చొప్పున 30 గంటలు చుట్టింది. 3,500 బీడీలకు 840 రూపాయలు. 30తో భాగిస్తే గంటకు 28.

దీన్ని దేనితో పోల్చాలి? కేంద్ర ప్రభుత్వం 2017 జూన్‌లో జాతీయ స్థాయిలో కనీస మొత్తంగా రోజుకు 176 రూపాయలు సూచించింది. అది సలహా మాత్రమే, చట్టరీత్యా కట్టుబాటు కాదు. లెక్క నేర్చుకోవడానికి అది చాలు. వారానికి 48 గంటలు, ఆరు రోజులు అన్న ప్రమాణం ప్రకారం రోజును ఎనిమిది గంటలుగా తీసుకుంటే గంటకు 22 వస్తుంది. 28 ఎక్కడ, 22 ఎక్కడ! యజమాని "నేను కనీసం కంటే ఎక్కువే ఇస్తున్నా" అనగలడు. మనలో చాలామందిమి అక్కడే నోరు మూసుకుని వెనక్కి వస్తాం.

ఇప్పుడు ఆమె ఇంట్లోకి వెళ్దాం. ముందు రాత్రే తునికాకు నానబెట్టాలి. తడి గుడ్డలో చుట్టి పెట్టాలి. చినిగిన ఆకు, బొక్కలు పడ్డ ఆకు ఏరి పారేసి, మిగతాది కొలతకు కత్తిరించాలి. ఆ తరువాతే చాట ఒళ్ళో పెట్టుకుని చుట్టడం. చుట్టాక మూతులు మడవాలి, కట్టలు కట్టాలి, కార్ఖానాకు మోసుకెళ్ళి వరుసలో కూర్చోవాలి. ఇవేవీ లేకుండా బీడీ తయారు కాదు. కనుక ఇవన్నీ పని గంటలే. ఆ వారంలో కత్తిరించడానికి 10 గంటలు, నానబెట్టి ఏరడానికి 3, కార్ఖానాకు పోయిరావడానికి, అక్కడ ఎదురుచూడటానికి 4 గంటలు పట్టాయనుకుందాం. చుట్టిన 30 కలిపితే 47. ఆమె అత్త కూర్చుని మూతులు మడిచి, కట్టలు కట్టింది, మూడు గంటలు. అత్త పేరు కార్డులో లేదు గానీ ఆమె శ్రమ ఆ వేయిలో ఉంది. మొత్తం 50 గంటలు.

ఇక డబ్బు వైపు. 3,500లో 150 బీడీలు ఛాట్ కింద తీసేశారు. డబ్బు 3,350కే వచ్చింది, అంటే 804 రూపాయలు. ఇచ్చిన ఆకు చాలక 90 రూపాయల ఆకు కొనుక్కుంది. దారానికి 14 రూపాయలు. చేతిలో మిగిలింది 700. దాన్ని 50తో భాగించండి. గంటకు 14 రూపాయలు.

అదే మనిషి, అదే వారం. ఒక లెక్కలో 28, ఇంకో లెక్కలో 14. భాగహారం ఇద్దరూ సరిగ్గానే చేశారు. తేడా అంతా ఏ గంటల్ని లెక్కలోకి తీసుకున్నాం, ఏ ఖర్చుల్ని తీసేశాం అన్నదాంట్లోనే ఉంది.

గంటలు రాసుకోవడంలో మనం చేసే పొరపాట్లు కొన్ని చెప్పాలి. "రోజుకు ఎన్ని గంటలు చేస్తావు?" అని అడిగితే "దినమంతా" అన్న జవాబే వస్తుంది. పొద్దున ఒక గంట ఎదురుగా కూర్చుని ఎన్ని చుట్టిందో లెక్కబెట్టడం కూడా తప్పే. పొద్దుటి వేగం సాయంత్రానికి వేళ్ళలో ఉండదు. వారం రోజులు పనుల వరుసను బట్టి రాసుకోవాలి: బడి గంటకు ముందు ఏం చేసింది, పొయ్యి మీద అన్నం పెట్టి ఎంతసేపు చుట్టింది, ఎప్పుడు చాట దించింది. వారమంతా ఎందుకంటే, ఆకు బాగున్న రోజూ పాడైన రోజూ రెండూ అందులో పడాలి. వంటకు లేచిన సమయం నిజాయితీగా తీసేయండి. అది కూడా శ్రమేనని మనకు తెలుసు. కానీ బీడీ కూలి లెక్కలో దాన్ని కలిపితే అధికారి ఆ ఒక్కటీ పట్టుకుని కాగితం మొత్తం పక్కన పడేస్తాడు.

రెండో వైపు కూడా జాగ్రత్త కావాలి. నెల వేతనం ప్రకటించి ఉంటే దాన్ని 30తో కాదు, 26 పని దినాలతో భాగించి, ఆపైన ఎనిమిదితో భాగించాలి. కరువు భత్యం కలిపిందా లేదా చూసుకోవాలి. పాత జీవో పట్టుకుని వెళితే మన లెక్క మనకే ఎదురు తిరుగుతుంది.

ఇక ఈ లెక్క ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు? 1948 కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్ ఒక మాట చెప్పింది. ఒక పనికి కాలాన్ని బట్టి మాత్రమే కనీస రేటు ప్రకటించి, ముక్కల రేటు ప్రకటించకపోతే, ముక్కల మీద చేసే మనిషికి కూడా ఆ కాలపు రేటుకు తగ్గకుండా ఇవ్వాలి. 2019 వేతనాల కోడ్‌లోనూ ఈ సూత్రం ఉంది. అలాంటి పనుల్లో గంటకు 14 అని తేలితే అది నేరుగా బకాయి అడిగే కాగితం. కానీ బీడీకి ప్రభుత్వమే వేయికింత అని ముక్కల రేటు ప్రకటిస్తూ వచ్చింది. ఆ రేటు ఇచ్చాక యజమాని చట్టం ముందు తప్పించుకుంటాడు. అక్కడ మన లెక్క వెళ్ళాల్సింది తనిఖీ అధికారి దగ్గరికి కాదు, రేటు సవరించే సలహా సంఘం ముందుకు. అడగాల్సింది ఒక్కటే: ఎనిమిది గంటల్లో ఎన్ని బీడీలు అవుతాయనుకుని ఈ రేటు కట్టారు? ఎవరి చేతుల్ని చూసి?

మన ఉదాహరణలోనే చూడండి. 50 గంటలకు గంటకు 22 చొప్పున 1,100. ఆకు, దారం ఖర్చు 104. మొత్తం 1,204 రూపాయలు 3,350 బీడీల మీద రావాలి. అంటే వేయికి దాదాపు 360. ఇస్తున్నది 240. అయితే ఒక్క మనిషి వేగం మీద రేటు అడగలేం. ఇరవై, ముప్ఫై మంది లెక్కలు కావాలి, వాటిలో వయసు మళ్ళినవాళ్ళూ, కొత్తగా నేర్చుకున్నవాళ్ళూ ఉండాలి. బ్రిటన్‌లో ఇంటి దగ్గర చేసే ముక్కల పనికి ఒక పద్ధతి ఉంది. సగటు మనిషి గంటకు 12 ముక్కలు చేస్తే దాన్ని 1.2తో భాగించి 10గా తీసుకుంటారు. గంట కనీస వేతనాన్ని ఆ పదికి పంచి రేటు కడతారు. సగటు కంటే కొంచెం నిదానంగా చేసే మనిషికి కూడా కనీసం దక్కాలన్నది ఆలోచన. మన దగ్గర అలాంటి భాగహారం లేదు. అడగడానికి మాత్రం అడ్డేమీ లేదు.

వచ్చేసారి కలిసేటప్పుడు ఒక్కొక్కరు కనీసం అయిదుగురు స్త్రీల వారం లెక్కలు తీసుకురండి. నాలుగు గడులు చాలు: ఏ పని, ఎవరు, ఎంతసేపు, ఏం ఖర్చు. ఛాట్ ఎంత తీశారో అదే రోజు రాయించండి, వారం పోతే కార్ఖానా పుస్తకంలో ఉన్నదే నిజమైపోతుంది. అత్త పేరు కూడా రాయడం మరిచిపోకండి.