కుట్టు కేంద్రం రేట్ల బోర్డు మార్చాక
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో కుట్టు కేంద్రం సభ్యులు చేసిన ప్రసంగం)



మా కేంద్రంలో నిరుటి దాకా ఉన్న రేట్ల బోర్డు మీలో చాలామంది చూసే ఉంటారు. ఇరవై మూడు వరుసలు, అన్నీ చిన్న అక్షరాలు. పైన ‘జాకెట్లు 150 నుండి’ అని రాసి పెట్టాం. వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ 150 ఒక్కటే చూసేవాళ్లు. పట్టుచీర జాకెట్ తెచ్చినా సరే, “150కే కుట్టండి” అనేవాళ్లు. తీసుకెళ్లేటప్పుడు 350 అంటే గొడవ. ఆ ‘నుండి’ అనే మాటే మా కొంప ముంచింది.

బోర్డు మార్చే ముందు ఏ జాకెట్‌కు ఎంత మిగులుతోందో లెక్క వేసుకున్నాం. సాదా జాకెట్ 150. దారం, హుక్కులు, కరెంటు పదిహేను పోతే 135 మిగులుతుంది, గంటన్నర పని. అంటే గంటకు 90. లైనింగ్ జాకెట్ 350. లైనింగ్ గుడ్డతో కలిపి ఖర్చు 90, మిగిలేది 260, పని రెండుంపావు గంటలు. గంటకు 115. ప్యాడ్లు పెట్టి కుట్టే ప్రిన్సెస్ కట్ 750. అందులోనే లాభమని మేమందరం అనుకున్నాం. ఖర్చు 170 పోగా 580 మిగులుతుంది గానీ, చంక దగ్గర పట్టిందని, భుజం జారుతోందని వెనక్కి వస్తుంది. విప్పి కుట్టిన టైము కూడా కలిపితే ఆరు గంటలు. గంటకు 97 కూడా రాలేదు. కూలి గిట్టేది నడిమి దాంట్లోనే అని అప్పుడు తెలిసింది.

కొత్త బోర్డులో మూడే వరుసలు పెట్టాం: సాదా 150, లైనింగ్ 350, డిజైన్ 750. ఒక్కోదాని కింద ఏమేం వస్తాయో ఒక్క ముక్కలో రాశాం. లైనింగ్ వరుస మధ్యలో, పసుపు రంగు మీద, కాస్త పెద్ద అక్షరాలతో ఉంటుంది. అంకెలన్నీ కుడివైపు ఒకదాని కింద ఒకటి. గుమ్మంలో నిలబడి చదవగలమా అని చూసుకున్నాకే రంగు వేయించాం. 349 అని రాద్దామని ఒకరన్నారు. రూపాయి చిల్లర ఎక్కడ తెస్తాం, పైగా మనవాళ్లకు అది మోసంలా కనిపిస్తుందని వద్దనుకున్నాం. ఫాల్, పీకో, డోరీ, అర్జెంటు మాత్రం అడుగున విడిగా రాశాం.

చదువు రానివాళ్ల కోసం బోర్డు పక్కనే మూడు జాకెట్లు తిరగేసి వేలాడదీశాం. లోపలి కుట్లు, లైనింగ్ చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు. నిజం చెప్పాలంటే బోర్డు కంటే ఇదే ఎక్కువ పని చేసింది. రెండొందలు ఎందుకు ఎక్కువో మేము నోటితో చెప్పాల్సిన అవసరం తగ్గింది.

ఒక పొరపాటు కూడా చేశాం. మొదట సాదా వరుసను తీసేశాం. ఇక అందరూ లైనింగే కుట్టించుకుంటారు కదా అనుకున్నాం. పొలం పనికి పోయేవాళ్లు రావడం మానేశారు, వాళ్లతో పాటు వాళ్లిళ్ల పెళ్లి జాకెట్లూ పోయాయి. పది రోజులకే మళ్లీ రాయించాం.

రెండోది ఇంకా బాధ కలిగించింది. ఒక పెద్దమ్మ రోజూ కట్టుకునే చీరకు రుబియా గుడ్డ తెచ్చింది. దానికి లైనింగ్ అక్కర్లేదు. మా అమ్మాయి అడగకుండానే పుస్తకంలో లైనింగ్ అని రాసేసింది. ఆమె 350 ఇస్తూ, “ఇంత అవుతుందని చెప్పుంటే నేనే కుట్టుకునేదాన్ని గదమ్మా” అంది. రెండొందలు తిరిగిచ్చేశాం. బోర్డు నడిమి వరుసను చూపించొచ్చు, రాసేటప్పుడు మాత్రం గుడ్డ చూసి, ఆమెనే అడిగి రాయాలి. పలచటి పట్టు, నెట్, జార్జెట్ అయితే లైనింగ్ కావాలని చెబుతాం. మందపాటి నూలు, రుబియా అయితే సాదా చాలని మేమే అంటాం.

ఫలితం పుస్తకంలో ఉంది. శ్రావణంలో పట్టు జాకెట్లు ఎలాగూ ఎక్కువే వస్తాయి కాబట్టి ఆ నెలను లెక్కలోకి తీసుకోలేదు. మామూలు నెలలు రెండు పోల్చాం. రెండింటిలోనూ అరవై జాకెట్లే. మునుపు సాదా 41, లైనింగ్ 16, డిజైన్ 3. ఇప్పుడు సాదా 26, లైనింగ్ 31, డిజైన్ మళ్లీ 3. వసూలు 14,000 నుంచి 17,000 అయింది. ఆ మూడు వేలూ లాభమని రాసుకోకండి. పదిహేను జాకెట్ల లైనింగ్ ఖర్చు 1,125 తీసేస్తే చేతికి వచ్చింది 1,875. దానికి పదకొండు గంటల పైగా అదనపు పని చేశాం.

డిజైన్ మూడు దగ్గరే ఆగినా ఆ వరుసను తీసేయం. 750 పక్కన ఉంటేనే 350 అందుబాటులో ఉన్నట్టు కనిపిస్తోంది. అంకెల చోట మాత్రం నల్లబల్ల రంగు వేసి సుద్దముక్కతో రాస్తున్నాం. లైనింగ్ గుడ్డ మీటరు ధర పెరిగినప్పుడల్లా లెక్క మళ్లీ వేసి, అంకె మార్చి, అప్పటికే గుడ్డ ఇచ్చినవాళ్లకు పాత రేటుకే కుడుతున్నాం.