ఆగని దాహం, ఆపై మత్తు: ఇంట్లో పెద్దలకు షుగరు ఉంటే

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈరోజు ఒక్క జబ్బు గురించే చెబుతాను. పేరు పొడుగ్గా ఉంటుంది: హైపర్ ఆస్మోలార్ హైపర్ గ్లైసీమిక్ స్టేట్. డాక్టర్లు హెచ్‌హెచ్‌ఎస్ అంటారు. ఎక్కువగా టైప్ 2 షుగరు ఉన్న పెద్దవాళ్లకు వస్తుంది.

అరవై ఎనిమిదేళ్ల తాత ఉన్నాడనుకోండి. షుగరు బిళ్లలు అయిపోయాయి, మళ్లీ తెచ్చుకోలేదు. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టింది. చీముతో షుగరు ఇంకా పెరిగింది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రంలోకి పోతుంది, తనతో పాటు నీటినీ లాక్కుపోతుంది. అందుకే తాత రాత్రంతా మూత్రానికి లేస్తాడు, చెంబులకొద్దీ నీళ్లు తాగుతాడు. దాహమని కూల్‌డ్రింకు ఇస్తే షుగరు ఇంకా ఎక్కుతుంది. ఇలా వారం, పది రోజులు గడుస్తాయి. నాలుక ఎండిపోతుంది, మూత్రం తగ్గుతుంది, మాట తడబడుతుంది. తర్వాత నీళ్లు అడగడం కూడా మానేసి మత్తుగా పడుకుంటాడు. దాహం తగ్గిందని మనం అనుకుంటాం. నిజానికి మెదడు కణాల్లోని నీరు కూడా లాగేయడంతో అడిగే శక్తి పోయింది. అప్పటికి ఒంట్లోంచి ఎనిమిది, పది లీటర్ల నీరు పోయి ఉండవచ్చు.

షుగరు వాళ్లకు వచ్చే ఇంకో ప్రమాదం కీటో అసిడోసిస్. అది ఎక్కువగా టైప్ 1 ఉన్న పిల్లల్లో, యువకుల్లో చూస్తాం. ఇన్సులిన్ దాదాపు లేక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది, దాంతో రక్తంలో ఆమ్లం చేరుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా లోతైన ఊపిరి, నోట్లో పండిన పండు వాసన, అన్నీ ఒకటి రెండు రోజుల్లోనే కనిపిస్తాయి. తాత ఒంట్లో కొద్దిగా ఇన్సులిన్ మిగిలి ఉంది. కొవ్వు కరగకుండా ఆపడానికి అది చాలు, చక్కెరను తగ్గించడానికి చాలదు. అందుకే ఆ గుర్తులు పెద్దగా ఉండవు. ముసలితనమనో, పక్షవాతమనో పొరబడి రోజులు పోగొడతాం. చనిపోయే ప్రమాదం మాత్రం కీటో అసిడోసిస్ కంటే దీనిలోనే ఎక్కువ.

షుగరు మీటరు ఉంటే వెంటనే చూడండి. HI అని వస్తే మీటరు కొలవగలిగే హద్దు దాటిందని అర్థం, చాలా మీటర్లలో ఆ హద్దు 600. మీటరు లేకపోయినా, షుగరున్న పెద్దమనిషి దాహం తర్వాత మత్తులోకి జారితే 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా ఆగవద్దు. మత్తులో ఉన్నవారి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెలకువగా ఉంటే మామూలు నీళ్లు గుక్కగుక్కగా ఇవ్వండి. ఇంట్లో ఎవరిదో ఇన్సులిన్ ఉందని పొడవకండి. ఆసుపత్రిలో ముందు సెలైన్ ఎక్కిస్తారు, రక్తంలో పొటాషియం చూస్తూ ఇన్సులిన్ కొద్దికొద్దిగా ఇస్తారు. చక్కెరను ఒక్కసారిగా దించితే మెదడు వాచే ప్రమాదం ఉంది.

వెళ్లేటప్పుడు బిళ్లల అట్టలు పట్టుకెళ్లండి. దాహం ఎన్నాళ్లుగా ఉందో, చివరిసారి మూత్రం ఎప్పుడు పోశారో, పుండో జ్వరమో ఉందో చెప్పండి. సెలవులకు ఇంటికెళ్లే మీకే ఈ మార్పు ముందు కనబడుతుంది. రోజూ చూసేవాళ్లకు అది అలవాటైపోతుంది.