చీటీ తీస్తేనే తెలిసే సంగతి

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం చదువుకు ఇచ్చే సాయం గురించి ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. "మాస్టారూ, మనమిచ్చిన డబ్బుతో పిల్లలకు నిజంగా మేలు జరిగిందా?" అని. ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు రాబట్టే పద్ధతి ఒకటుంది. దాన్ని ఈరోజు మెట్టు మెట్టుగా చెబుతాను. లెక్కలు కొన్నే చెబుతాను, అవి కూడా తేలికైనవే.

ఒక ఊహా ఉదాహరణతో మొదలుపెడదాం. పదో తరగతి పిల్లలకు సాయంత్రం ట్యూషన్ పెట్టామనుకోండి. ట్యూషన్‌కు రాకముందు లెక్కల్లో సగటున 46 మార్కులు వచ్చేవి, ఏడాది చివర 58 వచ్చాయి. అంటే 12 మార్కులు పెరిగాయి. ఇది ట్యూషన్ మహిమేనా? పరీక్షలు దగ్గరపడితే ఏ పిల్లలైనా చదువుతారు. బడిలో కూడా రివిజన్ చేయిస్తారు. కనుక "ముందు, తర్వాత" అనే పోలిక సరిపోదు. దివిసీమలో తుఫాను వచ్చి బడులు మూతపడిన ఏడాది మార్కులు తగ్గితే, ట్యూషన్ చెడ్డదని కూడా అనేస్తాం.

సరే, ట్యూషన్‌కు వచ్చినవాళ్లను రానివాళ్లతో పోలుద్దామా? అందులోనూ ఒక చిక్కుంది. రోజూ వచ్చే పిల్లలు ఎవరు? ఇల్లు దగ్గరున్నవాళ్లు, ఇంట్లో పని చెప్పని తల్లిదండ్రులున్నవాళ్లు, మొదటి నుంచీ శ్రద్ధ ఉన్నవాళ్లు. నాగాయలంక వైపు పిల్లలు ఆఖరి బస్సు కోసం మధ్యలోనే లేచి వెళ్లిపోతారు. అటువంటప్పుడు ట్యూషన్ పిల్లలకు ఎక్కువ మార్కులొస్తే, అది ట్యూషన్ వల్ల వచ్చిందా, శ్రద్ధ వల్ల వచ్చిందా విడదీయలేం.

దీనికి విరుగుడు చీటీలు. అర్హులైన పిల్లలు 60 మంది, మనకున్న సీట్లు 30. ఎవరికివ్వాలో మనం ఎంచుకోకుండా, తల్లిదండ్రులను ఎంచుకోనివ్వకుండా, చీటీకి వదిలేస్తాం. శ్రద్ధ ఉన్నవాడా, బస్సు కోసం పరిగెత్తేవాడా అన్నది చీటీకి తెలియదు. అందుకని రెండు గుంపుల్లోనూ అన్ని రకాల పిల్లలూ ఇంచుమించు సమానంగా పడతారు. మనం కొలవగలిగిన విషయాల్లోనే కాదు, శ్రద్ధలాగా కొలవలేని విషయాల్లోనూ అంతే. దీన్నే యాదృచ్ఛిక కేటాయింపు అంటారు. చీటీ రాని 30 మంది పోలిక బృందం, అంటే కంట్రోల్ గ్రూపు. మన సాయం లేకపోతే ఏమై ఉండేదో వాళ్లు చూపిస్తారు. తుఫాను వచ్చినా, ప్రశ్నపత్రం కఠినంగా ఉన్నా రెండు గుంపులకూ ఒకటే కనుక పోలిక చెడదు.

ఇది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పెద్ద ఎత్తున జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ సహకారంతో, 2008 నుంచి నాలుగేళ్లపాటు ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో ఒక పరిశీలన చేశారు. ప్రభుత్వ బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు ఇస్తే చదువు మెరుగవుతుందా అన్నది ప్రశ్న. మనలాంటి దాతలకు కావలసిన ప్రశ్న కూడా అదే కదా.

వాళ్లు చేసిన క్రమం గమనించండి. మొదట 180 గ్రామాల్లోనూ తల్లిదండ్రుల నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. 6,433 కుటుంబాలు ముందుకొచ్చాయి. పిల్లలకు ముందు పరీక్ష పెట్టారు. ఆ తర్వాతే లాటరీ తీశారు. అదీ రెండుసార్లు. మొదటి లాటరీలో 90 గ్రామాలను ఎంచారు. మిగతా 90 గ్రామాల్లో ఎవరికీ ఫీజు ఇవ్వలేదు. రెండో లాటరీ ఎంచిన గ్రామాల లోపల పిల్లల మధ్య తీశారు. 1,980 కుటుంబాలకు ఫీజు ఇస్తామన్నారు.

రెండు లాటరీలు ఎందుకంటే, ఒక ఊళ్లో కొందరు పిల్లలు ప్రైవేటు బడికి వెళ్లిపోతే, ప్రభుత్వ బడిలో మిగిలిన వాళ్లకు నష్టం జరగవచ్చు. ఒకే ఊళ్లో గెలిచినవాళ్లను, ఓడినవాళ్లను పోల్చితే ఈ నష్టం కనబడకుండా పోతుంది. లాటరీ లేని ఊళ్ల పిల్లలతో పోల్చితే బయటపడుతుంది. చూస్తే, మిగిలిన పిల్లలకు నష్టం కనబడలేదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఫీజు ఇస్తామన్న 1,980 మందిలో నిజంగా ప్రైవేటు బడిలో చేరింది 1,210 మందే. మిగతా 770 మందిని లెక్కలోంచి తీసేద్దామా? తీయకూడదు. చేరినవాళ్లు తమంతట తాము చేరారు. వాళ్లనే లెక్కేస్తే, శ్రద్ధ ఉన్నవాళ్లు ఏరుకుపోయిన పాత చిక్కే మళ్లీ వస్తుంది. కనుక ముందు లాటరీ గెలిచినవాళ్లందరినీ, చేరినా చేరకపోయినా, ఒక గుంపుగానే పోల్చాలి. ఆ తర్వాతే, చేరినవాళ్లు ఇంతమందే అన్న సంగతిని లెక్కలో సర్దుకోవచ్చు.

ఫలితం ఏమిటి? నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో తేడా కనబడలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడి పిల్లలు బాగా ముందున్నారు. కారణం అక్కడి టైంటేబుల్‌లో ఉంది. ప్రైవేటు బడుల్లో తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయం ఇచ్చి, మిగిలిన సమయాన్ని ఇతర సబ్జెక్టులకు, హిందీకి వాడారు. ఆ బడులకు ఒక్కో పిల్లవాడికయ్యే ఖర్చు కూడా ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. లాటరీ లేకుండా మామూలుగా పోల్చి చూస్తే, ప్రైవేటు బడి పిల్లలు అన్నిట్లో చాలా ముందున్నట్టే కనబడతారు. ఆ తేడాలో ఎక్కువ భాగం ఇంటి తేడా, పిల్లల తేడా. బడి తేడా కాదు. లాటరీ వల్లనే ఇది విడివడింది.

ఇక మూడో సంగతి. ఎవరు ఏ గుంపులో ఉన్నారో తెలియకుండా ఉంచడం. దీన్ని బ్లైండింగ్ అంటారు. దీనికి మన హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్ మంచి ఉదాహరణ. 2020 నవంబరు నుంచి 2021 జనవరి దాకా, దేశంలోని 25 ఆస్పత్రుల్లో, సుమారు 25,800 మందిని దాని మూడో దశ పరీక్షలో చేర్చుకున్నారు. సగం మందికి టీకా, సగం మందికి టీకా మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్. వేసుకున్నవాళ్లకూ తెలియదు, వేసినవాళ్లకూ తెలియదు.

ఎందుకంత పట్టుదల? తెలిస్తే మనిషి మారిపోతాడు. టీకా పడిందని తెలిసినవాడు మాస్కు తీసేస్తాడు. పడలేదని తెలిసినవాడు చిన్న దగ్గుకే పరీక్షకు పరుగెడతాడు. అప్పుడు కేసుల సంఖ్యలో తేడా వస్తే అది టీకా వల్ల వచ్చిందో, నడవడిక వల్ల వచ్చిందో చెప్పలేం. చివరకు లక్షణాలతో కోవిడ్ వచ్చినవాళ్లు టీకా గుంపులో 24 మంది, రెండో గుంపులో 106 మంది. రెండు గుంపులూ ఇంచుమించు సమానం కనుక టీకా సుమారు 78 శాతం కేసులను ఆపిందన్నారు.

ట్యూషన్‌కు ఉత్తుత్తి ఇంజెక్షన్ ఉండదు. తాను ట్యూషన్‌కు వెళుతున్నాడో లేదో పిల్లవాడికి తెలుసు. అది చదువు విషయంలో తప్పని పరిమితి. కానీ పేపరు దిద్దేవాడికి తెలియకుండా ఉంచగలం. మేము ఉపాధ్యాయులం కూడా మనుషులమే. "పాపం, మన ట్యూషన్ పిల్లవాడు" అనుకున్నప్పుడు అర మార్కు దగ్గర చేయి మెత్తబడుతుంది. పేరు కనబడకపోతే ఆ బాధ ఉండదు.

ఇప్పుడు మన 60 మంది దగ్గరకు వద్దాం. క్రమం ఇలా ఉంటుంది. బందరు పిల్లలు 24, గుడివాడ 20, దివిసీమ 16 అనుకోండి. అందరినీ ఒకే డబ్బాలో వేస్తే సీట్లలో ఎక్కువ భాగం ఒక ఊరికే పడిపోవచ్చు. కనుక ఏ ఊరికి ఆ ఊరు విడిగా తీసి 12, 10, 8 చొప్పున ఇవ్వాలి. లాటరీకి ముందే అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. చీటీల మీద పేర్లు కాకుండా నంబర్లు రాసి, ఒకేలా మడిచి, పెద్దల ముందు తీయాలి. తీసిన వెంటనే రిజిస్టరులో ఎక్కించాలి. ఆ తర్వాత ఎవరి సిఫార్సు మీదా ఒక్క పేరు కూడా మార్చకూడదు. ఒక్కటి మారిస్తే చీటీకి విలువ పోతుంది. రెండు గుంపుల ముందు పరీక్ష సగటులు బాగా ఎడంగా ఉంటే ఎక్కడో చేయి పడిందేమోనని రిజిస్టరు చూడాలి.

ఏడాది చివర జవాబు పత్రాల మీద నంబర్లు మాత్రమే ఉంచి, బందరు పత్రాలు గుడివాడ మాస్టారు, గుడివాడవి అవనిగడ్డ మాస్టారు, దివిసీమవి బందరు మాస్టారు దిద్దాలి. పరీక్షకు రానివాళ్లు ఒక గుంపులోనే ఎక్కువుంటే ఫలితాన్ని నమ్మకూడదు. చీటీ రాని పిల్లల్లో చదువు మానేసినవాళ్లు పరీక్షకు రాకపోతే, మిగిలినవాళ్ల సగటు ఎక్కువగా కనబడుతుంది.

చీటీ వచ్చిన గుంపు 46 నుంచి 58కి వెళ్లింది, రాని గుంపు 46 నుంచి 54కి వెళ్లిందనుకోండి. అప్పుడు ట్యూషన్ వల్ల వచ్చింది 12 కాదు, 4 మార్కులే. ఆ 4 కూడా అదృష్టవశాత్తు వచ్చిందేమో చూడాలి. చూడటం తేలికే. చివరి పరీక్షలో ఆ 60 మందికి వచ్చిన మార్కులను 60 కాగితాల మీద రాసి, బాగా కలిపి, 30 చొప్పున రెండు కుప్పలు చేసి తేడా చూడండి. ఇలా వందసార్లు చేయండి. పిల్లల మార్కులు సగటుకు అటూ ఇటూ 15 దాకా చెదిరి ఉంటే, ఊరికే కలిపినా వందలో సుమారు 30 సార్లు 4 మార్కులో, అంతకన్నా ఎక్కువో తేడా వస్తుంది. అంటే 60 మందితో 4 మార్కుల మేలును రుజువు చేయలేం. దానికి ఒక్కో గుంపులో 200కు పైగా పిల్లలు కావాలి. ముందు పరీక్ష మార్కులను కూడా లెక్కలోకి తీసుకుంటే అంతకన్నా తక్కువ మందితో సరిపోవచ్చు. తేడా తేలలేదంటే మేలు లేదని కాదు, ఇంతమందితో తెలియలేదని అర్థం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఫీజు కట్టలేక రేపే బడి మానేసే బిడ్డను, తండ్రి లేని బిడ్డను చీటీకి వదలకూడదు. వాళ్లకు ముందు ఇచ్చేయాలి, ఈ లెక్కలో కలపకూడదు. అందరికీ ఇవ్వగల డబ్బుంటే అందరికీ ఇవ్వాలి. సీట్లు తక్కువై, అర్హులు ఎక్కువై, మనం ఎటూ కొందరికి లేదనే చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రమే చీటీ. అప్పుడది అందరికీ న్యాయం, మన ప్రశ్నకు జవాబు కూడా.

వచ్చే జూన్‌లో దరఖాస్తులు సీట్లకు మించి వస్తే, ముందు పరీక్ష పత్రం తయారు చేసే పని నాది. చీటీల డబ్బా, రిజిస్టరు కార్యదర్శి గారి దగ్గర ఉంటే చాలు. సెలవు.