బిల్లుతో పంపే మెయిల్‌లో ఏముండాలి, ఏముండకూడదు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో కుట్టు యూనిట్ సభ్యుల తరఫున చేసిన ప్రసంగం)



మా యూనిట్ నిరుడు ఒక కంపెనీకి 600 జూట్ సంచులు కుట్టి ఇచ్చింది. సంచి 85 రూపాయల లెక్కన మొత్తం 51,000. అందులో 15,000 అడ్వాన్సు ముందే ఇచ్చారు. ఇంకా రావలసింది 36,000. సరుకు ఫిబ్రవరి 10న దింపాం. డబ్బులు ఏప్రిల్‌లో వచ్చాయి. ఈలోగా కుట్టుకూలి 7,200 ఇవ్వడానికి గ్రామ సంఘంలో అప్పు తెచ్చుకున్నాం. కంపెనీ వాళ్లు ఎగ్గొట్టాలని చూడలేదు. తప్పు మా మెయిల్‌లోనే ఉంది.

మేము రాసింది ఒక్క ముక్కే: "నమస్తే మేడమ్, బిల్లు పంపాం, చూడగలరు." అది ఆర్డరిచ్చిన మేడమ్‌కు మాత్రమే వెళ్లింది. ఆమె సెలవులో ఉన్నారు. డబ్బులు వేసేది అకౌంట్స్ వాళ్లు, వాళ్లకు మా సంగతే తెలీదు. తీరా వాళ్లకు చేరాక, బిల్లు మీద 51,000 ఉంది కదా, అడ్వాన్సు పోను ఎంత వెయ్యాలని అడిగారు. అదీ తేలాక వేసిన డబ్బు వెనక్కి పోయింది. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో సున్నా బదులు మేము ఇంగ్లీషు 'ఓ' అక్షరం కొట్టాం. ఆ కోడ్‌లో మొత్తం 11 అక్షరాలుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నాయే. ఇది గుర్తుంటే ఆ పొరపాటు జరగదు.

ఇప్పుడైతే అదే మెయిల్ ఇలా రాస్తాం. ఆర్డరిచ్చినవారికి, అకౌంట్స్‌కు ఇద్దరికీ పంపుతాం.

విషయం: బిల్లు నం. 27 – 600 జూట్ సంచులు – రూ. 36,000 – గడువు ఫిబ్రవరి 25

"మీ ఆర్డర్ నం. ___ ప్రకారం 600 సంచులు ఫిబ్రవరి 10న అందజేశాం. మీవారు సంతకం చేసిన రసీదు, బిల్లు జతచేశాం. మొత్తం రూ. 51,000. అడ్వాన్సు రూ. 15,000 పోను చెల్లించవలసింది రూ. 36,000. దయచేసి ఫిబ్రవరి 25 లోగా చెల్లించగలరు. ఖాతా పేరు ___, ఖాతా నంబరు ___, బ్యాంకు, బ్రాంచి ___, ఐఎఫ్ఎస్‌సీ ___. డబ్బు వేసేటప్పుడు 'బిల్లు 27' అని రాయండి. సందేహముంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి ___."

ఇంతే. మెయిల్ తెరవకముందే ఎంత, ఎప్పటికి అన్నది పై వరుసలోనే తెలుస్తుంది. ఖాతా పేరు పాస్‌బుక్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి. మనం పిలుచుకునే పేరు పనికిరాదు.

ఫిబ్రవరి 25 ఎక్కడిదంటారా? సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం 2006 ప్రకారం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న తయారీ యూనిట్‌కు, రాతపూర్వకంగా వేరే గడువు ఒప్పుకోకపోతే, సరుకు అంగీకరించిన 15 రోజుల్లో డబ్బులు ఇవ్వాలి. రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. మీకు ఆ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరు కూడా బిల్లు మీద వెయ్యండి. ఆర్డర్‌లో 30 రోజులని మీరు ఒప్పుకుని ఉంటే మెయిల్‌లోనూ 30 రోజుల తేదీయే రాయాలి. ఆర్డర్‌లో లేని షరతు మెయిల్‌లో కొత్తగా పెడితే బిల్లు పక్కన పడేసి వాదన మొదలుపెడతారు. "త్వరగా ఇవ్వగలరు" అని రాస్తే మాత్రం దానికి గడువే ఉండదు. తేదీ రాయండి.

ఇక రాయకూడనివి. ఇంట్లో ఇబ్బందులు, పిల్లల ఫీజులు రాయకండి. ఇది మనం చేసిన పనికి డబ్బు, దానికి బతిమాలడం ఎందుకు? గడువు రాకముందే వడ్డీ వేస్తామని బెదిరింపూ వద్దు. కొత్త ఆర్డర్ మాటలు, ధర మాటలు వేరే మెయిల్‌లో రాయండి, లేకపోతే వాళ్లు దానికి జవాబిచ్చి దీన్ని మరిచిపోతారు. పాస్‌బుక్ లావాదేవీల పేజీలు, సభ్యుల ఆధార్ కాపీలు జతచేయకండి. ఓటీపీ, పిన్ ఎవరడిగినా చెప్పకండి. డబ్బు అందుకోవడానికి వాటితో పనిలేదు.

ఇంకొక్క మాట. ఖాతా నంబరు మారిందని మన పేరుతో దొంగ మెయిల్ వెళ్లవచ్చు. అందుకే మా బిల్లుల మెయిల్ చివర ఒక వాక్యం పెట్టుకున్నాం: "మా ఖాతా మారితే ఫోన్ చేసి మేమే చెబుతాం. మెయిల్ మాత్రం చూసి మార్చవద్దు."

మెయిల్ పంపాక మర్నాడు అకౌంట్స్‌కు ఒక ఫోన్ చేసి, "బిల్లు 27 అందిందా, అన్నీ సరిగ్గా ఉన్నాయా" అని అడగండి. లోపముంటే ఆ రోజే బయటపడుతుంది. మాకు అది రెండు నెలలకు బయటపడింది.