131 చరరాశులు, 120 నెలలు

సిద్ధాంతం చెప్పే ముందు లెక్క బోర్డు మీద వేసి చూపించడం మా మాస్టారి అలవాటు. ఈ సాయంత్రం నేనూ అదే దారిలో వెళ్తాను. ఒకే ఒక్క పరిశోధన తీసుకుని దాని లోపలికి వెళ్దాం. బాన్బురా, జియానోనే, రైష్లిన్ అనే ముగ్గురు 2010లో ప్రచురించిన పెద్ద బేసియన్ వెక్టర్ ఆటోరిగ్రెషన్ అది. అమెరికా ఆర్థిక వ్యవస్థకు సంబంధించిన 131 నెలవారీ చరరాశులను వాళ్ళు ఒకే నమూనాలో పెట్టారు.

వెక్టర్ ఆటోరిగ్రెషన్‌ను స్థూల ఆర్థికశాస్త్రంలోకి గట్టిగా తెచ్చినవారు క్రిస్టఫర్ సిమ్స్. ఆయన 1980 నాటి వాదన సూటిగా ఉంటుంది. ఏది కారణం, ఏది ఫలితం అని ముందే గీతలు గీసుకోవద్దు, ప్రతి చరరాశికీ ఒక సమీకరణం రాద్దాం, కుడివైపున అన్ని చరరాశుల గత విలువలనూ పెడదాం అన్నారాయన. ఉద్యోగాలు, ధరలు, వడ్డీ రేటు అనే మూడింటితో, 13 నెలల గతంతో రాశారనుకోండి. ఒక్కో సమీకరణంలో 39 గుణకాలు, ఒక స్థిరాంకం కలిపి 40 తెలియని సంఖ్యలు వస్తాయి. చరరాశులు 131 అయితే 131ని 13తో హెచ్చించి ఒకటి కలపాలి. ఒక్కో సమీకరణానికి 1,704 అవుతాయి. మొత్తం నమూనాలో రెండు లక్షల ఇరవై మూడు వేలు దాటుతాయి.

ఇక డేటా ఎంత? ఆ ముగ్గురూ ప్రతి అంచనాకూ అప్పటికి గడిచిన పదేళ్ళ డేటానే వాడారు. అంటే 120 నెలలు. 1,704 తెలియని సంఖ్యలకు 120 వరుసలు! కనిష్ఠ వర్గాల పద్ధతి ఇక్కడ తప్పు జవాబు ఇవ్వడం కాదు, అసలు ఒక జవాబంటూ ఇవ్వలేదు. గతానికి అచ్చంగా సరిపోయే గుణకాల గుంపులు లెక్కలేనన్ని ఉంటాయి, వాటిలో ఏది ఎంచుకోవాలో డేటా చెప్పదు.

పోనీ చిన్న నమూనా క్షేమమా అంటే అదీ కాదు. 1970 నుంచి 2003 దాకా పరీక్షించి చూస్తే, మామూలు పద్ధతిలో వేసిన మూడు చరరాశుల నమూనా ఒక నెల ముందున్న ఉద్యోగాల సంఖ్యను చెప్పడంలో ర్యాండమ్ వాక్ కంటే వెనకబడింది. ర్యాండమ్ వాక్ అంటే 'ఇప్పుడున్న స్థాయికి అలవాటైన పెరుగుదల కలుపు, అంతే' అనే అంచనా. దాని సగటు వర్గ దోషాన్ని 1 అనుకుంటే చిన్న నమూనాది 1.14. 120 వరుసల నుంచి 40 సంఖ్యలు పిండినా యాదృచ్ఛిక గోల కూడా గుణకాల్లోకి ఎక్కేసిందన్నమాట.

దీనికి మందు 1970ల చివర్లోనే మినియాపోలిస్‌లో, అక్కడి ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు, మినెసోటా విశ్వవిద్యాలయం చుట్టూ పుట్టింది. రాబర్ట్ లిటర్‌మన్, సిమ్స్, థామస్ డోన్ కలిసి దిద్దిన ఆ ఏర్పాటును మినెసోటా ప్రయర్ అంటారు. డేటా చూడకముందు ఒక నమ్మకం చెప్పుకోవాలి. ప్రతి చరరాశికీ దాని గత నెల విలువ గుణకం 1 దగ్గర ఉంటుంది, మిగతా గుణకాలన్నీ సున్నా దగ్గర ఉంటాయి. ఎంత దగ్గర? i-వ సమీకరణంలో j-వ చరరాశికి, l నెలల వెనకటి గుణకానికి అనుమతించే విచలన వర్గం ఇది:

```
λ² σᵢ² / (l² σⱼ²)
```

σలు ఒక్కో చరరాశి ఊగిసలాట కొలతలు. ఉద్యోగాలు లక్షల్లోనూ వడ్డీ శాతాల్లోనూ ఉన్నప్పుడు వాటిని ఒక తూకంలోకి తెస్తాయి. l గతం పాతబడేకొద్దీ పట్టు బిగిస్తుంది. అసలు మీట λ. అది సున్నా అయితే డేటా మాట వినం, ర్యాండమ్ వాక్ మిగులుతుంది. అనంతమైతే ప్రయర్ మాట వినం, పాత తిప్పలే మిగులుతాయి.

ఇప్పుడు బోర్డు మీద లెక్క. గుణకాలకు ఒకదానితో ఒకటికి ఉన్న లంకెలను పక్కన పెట్టి, వేరే చరరాశి తాలూకు ఒక్క గుణకాన్నే చూద్దాం. డేటా దాన్ని 0.30 అంటోంది, ప్రామాణిక దోషం 0.20. σలు సమానమనుకోండి. λ 0.2 అయితే గత నెల విలువ గుణకానికి ప్రయర్ ఇచ్చే విచలనం కూడా 0.20. రెండు సాక్ష్యాలకూ సమాన బరువు కాబట్టి జవాబు సగానికి, 0.15కి దిగుతుంది. అదే గుణకం నాలుగు నెలల వెనకటిదైతే విచలనం 0.05. బరువు విచలన వర్గానికి విలోమం కాబట్టి ప్రయర్ బరువు 400, డేటా బరువు 25. 0.30ని 25తో గుణించి 425తో భాగిస్తే సుమారు 0.018 వస్తుంది. కుదింపు అంటే ఇంతే. ఏ గుణకాన్నీ కొట్టివేయం, దాని సాక్ష్యం బలాన్ని బట్టి లోపలికి లాగుతాం.

131 చరరాశులకు వాళ్ళు వాడిన λ 0.035. దీన్ని మన లెక్కలో గత నెల గుణకానికి పెడితే ప్రయర్ బరువు 816కు ఎక్కుతుంది, 0.30 కాస్తా 0.009కి పడిపోతుంది. వెనక వరుసలో ఒక విద్యార్థి అప్పుడే చెయ్యెత్తాడు, గమనించాను. అడగబోయేది ఊహించగలను: అన్నీ 0.009 అయితే 131 చరరాశులు తెచ్చి ఏం ప్రయోజనం, ర్యాండమ్ వాక్‌నే తిప్పి తిప్పి చెప్పినట్టు కాదా?

ఈ విషయానికి గుండెకాయ లాంటి ప్రశ్న అది. ఆ 131 చరరాశులు ఒకదానికొకటి పరాయివి కావు. పారిశ్రామికోత్పత్తి, పని గంటలు, కొత్త ఆర్డర్లు, నిరుద్యోగ భృతి దరఖాస్తులు, ఇళ్ళ నిర్మాణాలు అన్నీ మాంద్యంలో కలిసి కుంగుతాయి, కోలుకునేటప్పుడు కలిసి లేస్తాయి. వంద చరరాశులు ఒకే దిక్కుకు కదిలినప్పుడు వంద 0.009లు కలిసి 0.9 అవుతాయి. ఒక్కోదాని సొంత గోల మాత్రం ఒకటి పైకీ ఒకటి కిందికీ పోయి, కూడికలో చాలావరకు రద్దయిపోతుంది. ఒక్క ఇంట్లోంచి సన్నగా వినబడే మాటను పట్టించుకోకపోయినా, ఊరంతా అదే మాట సన్నగా అంటుంటే చెవిన పడక తప్పదు. తిరగేసి చూడండి: ఒక్కో దానికి 0.30 అలాగే వదిలేసి ఉంటే వందా కలిసి 30 అయ్యేది. ఆ అంచనాను ఎవరూ బయటికి చెప్పలేరు. అందుకే చరరాశులు పెరిగేకొద్దీ λ తగ్గాలి. 2008లో డి మోల్, జియానోనే, రైష్లిన్ ఈ సంగతిని గణితంగా నిరూపించారు.

బాన్బురా బృందం ఫలితాలూ అదే వరుసలో ఉన్నాయి. 7 చరరాశులకు λ 0.262, 20 చరరాశులకు 0.108, 131కి 0.035. ఉద్యోగాల అంచనాలో ర్యాండమ్ వాక్ దోషం 1 అయితే వీటివి వరసగా 0.67, 0.54, 0.46. నా దృష్టిలో ఇందులో ముఖ్యమైన అంకె చివరిది కాదు, మధ్యది. 20 చరరాశుల దగ్గరే లాభంలో పెద్ద భాగం చేతికొచ్చేసింది. ధరల విషయంలోనైతే 20కీ 131కీ తేడాయే లేదు, రెండూ 0.50. ఈ రెండు అంచనాల్లోనూ పెద్ద నమూనా చెడగొట్టలేదని ఈ పరిశోధన చూపింది. ప్రతిసారీ బాగుచేస్తుందని మాత్రం కాదు.

λను ఎవరు నిర్ణయించాలి? వాళ్ళు తెలివైన మార్గం వాడారు. 1970కి ముందటి డేటా మీద, పెద్ద నమూనా మూడు ముఖ్య చరరాశులకు ఎంత సరిపోతోందో చూశారు. చిన్న నమూనా ఎంత సరిపోయిందో సరిగ్గా అంతే సరిపోయేలా λను బిగించారు. అంతకు మించి సరిపోతే అది గోలను బట్టీ పట్టడమే అని లెక్క. 2015లో జియానోనే, లెంజా, ప్రిమిచేరి మరో మెట్టు ఎక్కారు. λను కూడా తెలియని సంఖ్యగా భావించి, డేటా సంభావ్యత ఏ λ దగ్గర ఎక్కువగా ఉందో చూడమన్నారు. ఆ సంభావ్యత పైకి భయపెట్టే సమాకలనం, లోపల మాత్రం చాలా సాదా. మొదటి నెల నుంచి ఒక్కో నెల ముందుకు వేసిన అంచనాలు నిజంగా వచ్చిన విలువకు ఎంత బరువిచ్చాయో వరసగా గుణించుకుంటూ పోతే వచ్చే సంఖ్యే అది. మరీ బిగిస్తే సంకేతాలు తప్పిపోతాయి, మరీ వదిలితే అంచనా పరిధి అటూ ఇటూ విస్తరించి ఏ విలువకీ తగినంత బరువు ఇవ్వలేదు.

కంప్యూటర్‌లో పని జరిగే తీరు విన్నవారికి నవ్వు రావచ్చు. ప్రయర్‌ను కల్పిత వరుసలుగా మార్చి నిజమైన డేటా కింద అతికిస్తారు, తర్వాత మామూలు కనిష్ఠ వర్గాలే. 131 చరరాశుల నమూనాలో నిజమైన నెలలు 120, కల్పిత వరుసలు 1,835. ఇన్ని దొంగ ఓట్లా అనిపిస్తుంది. అయితే వాటిలో ప్రతి ఒక్కటీ ఏమంటోందో మనమే రాశాం కాబట్టి దాపరికం ఏమీ లేదు.

విద్యార్థులు ఎక్కువగా జారేచోటు ఇక్కడే ఉంది. గుణకం 1 దగ్గర ఉంటుందన్న నమ్మకం స్థాయిల్లో ఉన్న డేటాకు చెల్లుతుంది, అంటే ఉద్యోగాల సంఖ్య, ధరల సూచీ లాంటివాటి లాగరిథమ్‌లకు. వృద్ధి రేటులోకి మార్చిన డేటాకు ప్రయర్ సున్నా దగ్గర ఉండాలి. సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌గా 1 పెట్టి ఉంటే, ఎవరూ మార్చకపోతే, అది మౌనంగా నడిచిపోతుంది. పట్టుకునే మార్గం తేలిక. అంచనాను నాలుగైదేళ్ళ ముందుకు పంపండి. వృద్ధి రేటు తన దీర్ఘకాల సగటు వైపు తిరగకుండా చివరి నెల విలువ దగ్గరే వేలాడుతుంటే, ఎక్కడో ఒకచోట 1 మిగిలిపోయిందన్నమాట.

ఇంకో పరిమితి ఉంది. ఈ వేగమంతా అన్ని సమీకరణాలకూ ఒకే ఆకారంలో ప్రయర్ పెట్టడం వల్ల వస్తుంది. అందువల్లే 1,704 వరుసల మాత్రిక ఒక్కదాన్ని విలోమం చేస్తే చాలు. ఒక సమీకరణంలో సొంత గతాన్ని వదులుగా, పరాయి గతాన్ని బిగువుగా పట్టుకోవాలంటే ఆ వెసులుబాటు పోతుంది. సమీకరణం తర్వాత సమీకరణంగా నడిచే మార్గాన్ని కారీరో, క్లార్క్, మార్సెల్లినో 2019లో చూపించారు. అందులో ఒక లోపం బయటపడితే జాషువా చాన్‌ను కూడా కలుపుకుని 2022లో వాళ్ళే సవరణ ప్రచురించారు.

అసలైన పరీక్ష 2020 ఏప్రిల్‌లో వచ్చింది. అమెరికాలో మామూలుగా నెలకు 2 లక్షల అటూఇటూగా మారే ఉద్యోగాలు ఆ ఒక్క నెలలో 2 కోట్లకు పైగా పోయాయి. దోషం మామూలుకంటే వంద రెట్లు. వర్గం చేస్తే పదివేల రెట్లు. మనం ఎంతో జాగ్రత్తగా పేర్చిన కల్పిత వరుసల మీద ఆ ఒక్క నెల నోరు గెలిచింది. డేటాను ఫిబ్రవరితో ఆపినప్పుడూ జూన్ దాకా పొడిగించినప్పుడూ గుణకాలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, నాలుగు నెలల డేటా దశాబ్దాల సంబంధాలను తలకిందులు చేసిన సంగతి కనిపిస్తుంది. ఆ కొద్ది నెలలను తీసేయమని షార్ఫ్‌హైడ్, సాంగ్ అన్నారు. లెంజా, ప్రిమిచేరి అలా తీసేస్తే గుణకాల వరకు బాగానే ఉంటుందిగానీ, రాబోయే నెలల అనిశ్చితిని తక్కువ చేసి చూపినట్టవుతుందన్నారు. మార్చి, ఏప్రిల్, మే నెలలకు ఊగిసలాట ఎన్ని రెట్లు పెరిగిందో విడివిడిగా లెక్కగట్టి, ఆ తర్వాత అది క్రమంగా తగ్గేలా రాశారు. ఆ నెలల నోరు తగ్గుతుంది, మున్ముందు అంచనాల పరిధి మాత్రం నిజాయితీగా వెడల్పుగా ఉంటుంది. నేను రెండోవారి పక్షం.

మన దేశపు డేటాతో ఈ పని చేయబోయే విద్యార్థులకు ఈ చిక్కు ఇంకా పెద్దది. 2011-12 ఆధార సంవత్సరంగా ఉన్న త్రైమాసిక జీడీపీ శ్రేణిలో వరుసలు అరవైకి మించవు. ఐదు చరరాశులు, నాలుగు త్రైమాసికాల గతం పెడితేనే ఒక్కో సమీకరణానికి స్థిరాంకంతో కలిపి 21 తెలియని సంఖ్యలు. 2020 ఏప్రిల్-జూన్‌లో జీడీపీ ఏడాది క్రితంతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయిన ఆ ఒక్క వరుస, వార్షిక వృద్ధి రేటు వాడితే సరిగ్గా ఏడాది తర్వాత పెద్ద పెరుగుదలగా మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. కాబట్టి బరువు తగ్గించాల్సిన త్రైమాసికాలు ఒకటి కాదు, రెండు. రెండోదాన్ని మరిచిపోయి λను డేటాకే వదిలేస్తే, పతనం తర్వాత గెంతు తప్పదనే సంబంధాన్ని నమూనా నేర్చుకుని, తర్వాతి ప్రతి చిన్న మందగమనానికీ అదే గెంతు జోస్యం చెబుతుంది.