సగం మాటలు చాలు

ఇంట్లో కుట్టు తరగతో, పచ్చళ్ల అమ్మకమో మొదలుపెట్టే అక్కచెల్లెళ్లు ముందుగా ఒక కరపత్రం అచ్చు వేయిస్తారు కదండీ! అందులో విషయం ఉంటుంది కానీ, మర్యాదల మాటున పడి కనబడదు. ఈ పేరా చూడండి:

"స్త్రీల సౌకర్యార్థం, పట్టణ మహిళల చిరకాల వాంఛను గుర్తించి, ఎంతో అనుభవజ్ఞులైన ఉపాధ్యాయినిచే, అత్యంత శ్రద్ధతో, ఓర్పుతో, సులభ పద్ధతిలో మా కుట్టు తరగతులు నడుపబడుచున్నవి. మూడు నెలలలో మీ జాకెట్టు మీరే స్వయంగా కత్తిరించి కుట్టుకోగలరు. తరగతులు మధ్యాహ్నం 2 నుండి 4 వరకు జరుగును. జూన్ 10వ తేదీలోగా చేరువారికి మొదటి నెల ఫీజులో సగం తగ్గింపు ఇవ్వబడును. కావున ఈ సదవకాశమును తప్పక వినియోగించుకొనవలసినదిగా కోరుచున్నాము."

లెక్కపెడితే యాభై మాటలు. కొట్టివేతలు మొదలుపెట్టకముందే రెండుచోట్ల పెన్సిలుతో గీత గీయండి. చదివే ఆవిడకు ఒరిగేదేమిటి? తన జాకెట్టు తానే కుట్టుకోవడం. ఇప్పుడే ఎందుకు చేరాలి? జూన్ 10లోగా అయితే మొదటి నెల సగం ఫీజు. ఈ రెండింటినీ ముట్టుకోకూడదు.

ఇక మిగిలిన మాటలను ఒక్కొక్కటిగా వేలితో మూసి చదవండి. 'చిరకాల వాంఛ' పోతే ఎవరికీ నష్టం లేదు. 'శ్రద్ధతో, ఓర్పుతో' అని ప్రతివారూ రాస్తారు, కనుక అవీ పోవచ్చు. 'మీరే' అన్నాక 'స్వయంగా' ఎందుకు? చివరి వాక్యం మొత్తం వినయమే! 'ఎంతో అనుభవం' మాత్రం కొట్టేయకండి, ఎన్నేళ్లో టీచరునే అడగండి. పన్నెండేళ్లన్నారనుకుందాం, ఆ అంకె వెయ్యండి.

"మూడు నెలల్లో మీ జాకెట్టు మీరే కత్తిరించి కుట్టుకోవచ్చు. నేర్పేది పన్నెండేళ్ల అనుభవమున్న టీచరు. కుట్టు తరగతులు మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు. జూన్ 10లోగా చేరితే మొదటి నెల సగం ఫీజే."

సరిగ్గా ఇరవై అయిదు. రెండో వాక్యంలో ఉన్న లాభం ముందుకొచ్చింది, చూశారా? 'ఇవ్వబడును' వంటి ఆఫీసు భాష పోయేసరికి, ఎదురుగా కూర్చుని చెప్పినట్టుంది.

అయితే, చెయ్యి తిరిగింది కదా అని ఇంకా కోస్తే ప్రమాదం. 'మొదటి నెల' తీసేసి 'సగం ఫీజే' అని ఊరుకున్నారో, మూడు నెలలకూ సగమే అనుకుని వచ్చి గుమ్మంలో తగువు పెట్టుకుంటారు. తేదీ తీసేస్తే వచ్చే నెల చూద్దాంలే అంటారు. తగ్గింపు ఎంత, దేనికి, ఎప్పటిదాకా అనే మూడూ ఉండి తీరాలి.

అచ్చుకిచ్చే ముందు పక్కింటావిడకు ఒక్కసారి చదివి వినిపించి, కాగితం పక్కన పెట్టి అడగండి: "ఏం నేర్పుతారట పిన్నిగారూ? ఎప్పటిలోగా చేరాలట? ఎంత తగ్గిస్తారట?" ఆవిడ ఎక్కడ తడుముకుంటే ఆ వాక్యం మళ్లీ రాయండి.