సంజాయిషీ ఎవరికి? రిజర్వు బ్యాంకు స్వతంత్రత, ప్రజలకు దాని జవాబుదారీతనం

కేంద్ర బ్యాంకు స్వతంత్రంగా ఉండాలన్న వాదనకు మూలం ఖర్చు చేసే చేయి, నోటు ముద్రించే చేయి ఒకటే కాకూడదన్న జాగ్రత్తలో ఉంది. భారత ప్రభుత్వం తన లోటును పూడ్చుకోవడానికి రిజర్వు బ్యాంకుకు అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు, అంటే అడిగిందే తడవుగా అప్పు పుట్టించే స్వల్పకాలిక పత్రాలు, జారీచేస్తూ వచ్చిన పద్ధతి దశాబ్దాల పాటు సాగింది. 1994 సెప్టెంబరు ఒప్పందంతో దానికి కళ్ళెం పడి, 1997లో అది పూర్తిగా ఆగిపోయింది. ఆ తరువాత వచ్చిన గవర్నర్లలో ఇద్దరు, యాగా వేణుగోపాలరెడ్డి (2003-2008), దువ్వూరి సుబ్బారావు (2008-2013), తెలుగువారు, అందునా ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారులు కావడం వల్ల, ఈ చర్చ తెలుగు పాఠకులకు పరాయిది కాదు.

సుబ్బారావు హయాంలో 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు వరకు రెపో రేటు, అంటే వాణిజ్య బ్యాంకులకు రిజర్వు బ్యాంకు స్వల్పకాలానికి అప్పిచ్చే వడ్డీ, 13 సార్లు పెరిగింది. 2012 అక్టోబరు 30న ఆయన రేటు తగ్గించడానికి నిరాకరించినప్పుడు, వృద్ధి కోసం ప్రభుత్వం ఒంటరిగానైనా నడుస్తుందని నాటి ఆర్థికమంత్రి చిదంబరం బహిరంగంగా అన్నారు. ఇద్దరు డిప్యూటీ గవర్నర్ల పదవీకాలం పొడిగింపునకు తన సిఫారసు చెల్లకపోవడాన్ని ఈ విభేదాలకు చెల్లించిన మూల్యంగా సుబ్బారావు తన జ్ఞాపకాల పుస్తకంలో చెప్పుకున్నారు. రాజకీయ ఒత్తిడి చట్టం ద్వారా కన్నా నియామకాల ద్వారా ఎక్కువగా పనిచేస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. అయితే అదే సుబ్బారావు పదవి వీడబోతూ, 2013 ఆగస్టులో, గవర్నరు ఏడాదికి రెండుసార్లు పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం ముందు హాజరై విధానాలపై వివరణ ఇచ్చే పద్ధతి ఉండాలని సూచించారు. స్వతంత్రత కోసం మాట పడిన వ్యక్తే జవాబుదారీతనాన్ని కోరడం గమనించదగినది, ఎందుకంటే ఈ రెండింటినీ ఒకదానికొకటి శత్రువులుగా చూసే అలవాటు మన చర్చల్లో బలంగా ఉంది.

2016లో రిజర్వు బ్యాంకు చట్టానికి చేసిన సవరణ ఈ బంధాన్ని అక్షరబద్ధం చేసింది. ధరల పెరుగుదల రేటుకు, అంటే వినియోగదారుల ధరల సూచీ ఆధారంగా లెక్కించే ద్రవ్యోల్బణానికి, లక్ష్యాన్ని ప్రభుత్వం రిజర్వు బ్యాంకును సంప్రదించి నిర్ణయిస్తుంది. ఆ లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. దానిని సాధించే పని ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీది. ముగ్గురు బ్యాంకు వైపువారు, ముగ్గురు ప్రభుత్వం నియమించేవారు, ఓట్లు సమానమైతే గవర్నరుకు నిర్ణాయక ఓటు. వరుసగా మూడు త్రైమాసికాలు సగటు ద్రవ్యోల్బణం 6 శాతాన్ని మించినా, 2 శాతం కన్నా తగ్గినా లక్ష్యం తప్పినట్టే. అప్పుడు 45జడ్‌ఎన్ సెక్షను కింద బ్యాంకు ప్రభుత్వానికి నివేదిక పంపాలి. అందులో వైఫల్యానికి కారణాలు, తీసుకోబోయే చర్యలు, మళ్ళీ లక్ష్యాన్ని చేరడానికి పట్టే కాలం ఉండాలి.

చట్టం అమలైన తీరులో రెండు సందర్భాలు దాని బలహీనతను చూపిస్తాయి. 2020లో ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు మూడు త్రైమాసికాల సగటు సుమారు 6.6, 6.9, 6.4 శాతంగా నమోదయింది. కానీ లాక్‌డౌన్‌లో ధరల సేకరణ సరిగా జరగక ఏప్రిల్, మే నెలల సూచీని అంచనాలతో పూరించారు కనుక, ఆ అంకెలను వరుసలో తెగిన భాగంగా కమిటీ పరిగణించింది. వైఫల్యం నమోదు కాలేదు. ఆ నిర్ణయానికి సాంకేతిక సమర్థన ఉంది, దానిని కాదనలేము. కానీ తప్పిందో లేదో తేల్చే అధికారం పరీక్ష రాసినవారి చేతిలోనే ఉండిపోయిందన్నది కూడా అంతే నిజం.

రెండవ సందర్భంలో అలాంటి సందేహానికి తావులేదు. 2022లో తొలి మూడు త్రైమాసికాల సగటు సుమారు 6.3, 7.3, 7.0 శాతం. నవంబరు 3న కమిటీ ప్రత్యేకంగా సమావేశమై చర్చించిన నివేదికను బ్యాంకు ప్రభుత్వానికి పంపింది. దానిని బయటపెట్టే ప్రసక్తి చట్టంలో లేదని ప్రభుత్వం పార్లమెంటులో సమాధానమిచ్చింది. సమాచార హక్కు కింద అడిగినవారికీ మొదట నిరాకరణే ఎదురైంది. బ్రిటన్‌లో 2 శాతం లక్ష్యం నుంచి ద్రవ్యోల్బణం ఒక శాతం దాటి జరిగితే గవర్నరు ఆర్థికమంత్రికి రాసే బహిరంగ లేఖ ప్రచురితమవుతుంది, ఆయన పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని ప్రశ్నలకు బదులిస్తారు. ఇక్కడ మాత్రం సంజాయిషీ అందుకున్నది ప్రభుత్వమొక్కటే. దేశంలో అతి పెద్ద రుణగ్రహీత ప్రభుత్వమే. ధరలు పెరిగితే దాని పాత అప్పుల నిజ విలువ కరుగుతుంది, లక్ష్యాన్ని నిర్ణయించినదీ, సగం కమిటీని నియమించినదీ కూడా అదే. అటువంటి గ్రహీత ఆ వైఫల్యాన్ని నిలదీస్తుందని ఆశించడం సంస్థల నిర్మాణంలోనే ఉన్న లోపాన్ని చూడకపోవడమవుతుంది.

ఈ మౌనం ఎవరి మీద పడిందో హైదరాబాదు నడిబొడ్డున అమీర్‌పేట, పంజగుట్టల మధ్య పరిశీలిస్తే తేటపడుతుంది. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో కోర్సులు నేర్చుకుంటూ హాస్టళ్లలో ఉండే ఉద్యోగార్థులకు జీతం లేదు, ఖర్చు మాత్రం ఉంది. బియ్యం, కూరగాయలు, గ్యాసు పెరిగితే మెస్సు బిల్లు పెరగడమే వారికి తెలిసిన ద్రవ్యోల్బణం. అదే వీధుల్లో చదువు ముగించి ఉద్యోగం దొరికి, ఫ్లాటు కొన్నవారికి ధరలను అదుపుచేసే మందే భారమైంది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ గృహరుణాల వడ్డీ రెపో వంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపడింది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రెపో 4 నుంచి 6.5 శాతానికి చేరింది.

20 ఏళ్ళకు 7 శాతం వడ్డీపై 50 లక్షల అప్పు తీసుకున్నవారి ఈఎంఐ దాదాపు 38,765 రూపాయలు. ఆ పెరుగుదల పూర్తిగా వడ్డీకి చేరి రేటు 9.5 శాతమైతే, అప్పు తీసుకున్న కొత్తలో ఒక్క నెల వడ్డీయే సుమారు 39,583 రూపాయలవుతుంది. పాత ఈఎంఐ వడ్డీకే చాలదు కనుక గడువు పొడిగించినా ప్రయోజనం ఉండదు. 20 ఏళ్ళలో తీరాలంటే నెలకు సుమారు 46,600 కట్టాలి. హాస్టలు కుర్రవాడికి రేటు ఆలస్యంగా పెరగడం నష్టం, ఫ్లాటు యజమానికి ఒక్కసారిగా పెరగడం నష్టం. ఎవరి నష్టాన్ని ఎంతమేరకు ఎంచుకున్నారన్నది లెక్కల సమస్య మాత్రమే కాదు, అది పంపకం. పంపకం రాజకీయ నిర్ణయం. ముందే రేటు పెంచి ఉంటే తరువాతి దెబ్బ తగ్గేదా అన్న ప్రశ్నకు సంస్థ స్వయంగా చేసుకున్న సమీక్ష ఆ నివేదికలో ఉండాలి.

నివేదిక బయటపెడితే మార్కెట్లు తొట్రుపడతాయన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టివేయకూడదు. భవిష్యత్తులో రేటు ఎటు పోతుందో సూచించే వాక్యం బాండ్ల ధరలను నిజంగానే కదిలిస్తుంది. రాజకీయ నాయకులు దానిని చేతపట్టి ఎన్నికల ముందు రేటు తగ్గించమని ఒత్తిడి తెచ్చే ప్రమాదమూ ఉంది. కానీ కమిటీలో ఎవరు ఎటు ఓటేశారో, ఎందుకు వేశారో తెలిపే మినిట్స్ సమావేశం తరువాత 14వ రోజునే ప్రచురితమవుతున్నాయి. అంతకన్నా పాత విషయాలను వివరించే నివేదిక అంతకన్నా ప్రమాదకరమనే వాదన నిలబడడం కష్టం. పైగా ఆ సున్నితత్వానికి కాలపరిమితి ఉంటుంది: 2023 ఫిబ్రవరిలో శిఖరాన్ని తాకిన రెపో 2025 ఫిబ్రవరి నుంచి దిగడం మొదలైంది, అంటే 2022 నివేదిక ఏ చర్యల గురించి మాట్లాడిందో ఆ దశే ముగిసిపోయింది. చట్టంలో ప్రచురణ ప్రస్తావన లేదన్నది నిజమే గాని, ప్రచురణను నిషేధించే వాక్యం కూడా 45జడ్‌ఎన్‌లో లేదు. ఆ నివేదికను ఉభయసభల ముందు ఉంచడానికి కొత్త శాసనం అక్కరలేదు, ఆర్థిక మంత్రిత్వశాఖ నిర్ణయం చాలు.